స్కేలింగ్‌లో ఎవరికీ నష్టం లేదా?

"మ్యాథ్స్ పేపర్ కష్టంగా వచ్చిందని కాలేజీ వాళ్లు స్కేలింగ్ చేస్తున్నారు. టెన్షన్ పడకండి. అందరికీ మార్కులు పెరుగుతాయి తప్ప ఒక్కరికీ తగ్గవు. ర్యాంకులు అస్సలు మారవు. ఏ బ్రాంచి వాళ్లకైనా సమన్యాయం జరుగుతుంది."

ఒంగోలు నుంచి కావలి దాకా ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. ఒక్కో మాటనూ లెక్కలో పెట్టి చూద్దాం.

ఎవరికీ తగ్గవు అన్న మాట. వందకు పెట్టిన పరీక్షలో క్లాసు సగటు 38, ప్రామాణిక విచలనం 8 వచ్చాయనుకుందాం. విచలనం అంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే అంకె. సగటు 60, విచలనం 16 చేయాలని కాలేజీ నిర్ణయించింది. 16ను 8తో భాగిస్తే 2. అంటే ప్రతి మార్కునూ రెట్టింపు చేయాలి. అప్పుడు సగటు 76కు పోతుంది కాబట్టి 16 తీసేయాలి.

```
కొత్త మార్కు = 2 × పాత మార్కు − 16
```

38 వచ్చినవాడికి 60, 50 వచ్చినవాడికి 84. ఇంతవరకూ అందరూ సంతోషమే. 16 వచ్చినవాడికి మళ్లీ 16 మాత్రమే. 10 వచ్చిన పిల్లవాడికి 4. ఏడు మార్కులవాడికైతే సున్నా కంటే రెండు తక్కువ! కింది వరసలోవాళ్లకు ఇది పెంపు కాదు, కోత. సగటును మాత్రమే మార్చాలనుకుంటే అందరికీ 22 కలిపితే సరిపోయేది. విచలనాన్ని కూడా సాగదీయడంతో వచ్చిన తంటా ఇది.

పై వరసలో ఇంకో ఇబ్బంది. 58 వచ్చిన అమ్మాయికి సరిగ్గా 100. 63 వచ్చినామెకు 110 రావాలి, వందకు మించి వేయరు కాబట్టి ఆమెకూ 100 వేస్తారు. అయిదు మార్కుల తేడా మాయమైపోయింది. అలా పైనా కిందా కోశాక సగటు 60, విచలనం 16 అన్న లక్ష్యం కూడా కచ్చితంగా నిలవదు.

పాస్ మార్కు 35 దగ్గర చూడండి. పాత మార్కులన్నీ పూర్ణసంఖ్యలైతే ఈ సూత్రంతో సరిసంఖ్యలే వస్తాయి, 35 ఎవరికీ రాదు. పాతది 25 అయితే 34, ఫెయిల్. 26 అయితే 36, పాస్. దిద్దేటప్పుడు ఒక స్టెప్పుకు అటో ఇటో వేసిన ఒక్క మార్కు ఇప్పుడు రెండు మార్కుల బరువు తూగుతుంది. దిద్దడంలో జరిగే పొరపాటు కూడా మార్కులతో పాటే సాగుతుంది మరి.

ర్యాంకులు మారవు అన్న మాట. వంద దగ్గర కోతను పక్కనపెడితే, మ్యాథ్స్ ఒక్కదానిలో నిజమే. ముందున్నవాళ్లు ముందే ఉంటారు. అయితే ర్యాంకు ఇచ్చేది మొత్తం మీద కదా. ఒక అబ్బాయికి మ్యాథ్స్‌లో 50, కెమిస్ట్రీలో 60 వచ్చాయి, మొత్తం 110. ఒక అమ్మాయికి 42, 70 వచ్చాయి, మొత్తం 112. అమ్మాయి ముందుంది. మ్యాథ్స్‌కు మాత్రమే స్కేలింగ్ చేస్తే అబ్బాయికి 84, 60 కలిపి 144, అమ్మాయికి 68, 70 కలిపి 138. అబ్బాయి ముందుకొచ్చేశాడు. విచలనాన్ని రెట్టింపు చేయడమంటే మొత్తంలో మ్యాథ్స్ తేడాల బరువును రెట్టింపు చేయడమే. కెమిస్ట్రీలో కష్టపడ్డ పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

సమన్యాయం అన్న మాట. ఈ సూత్రానికి పేపర్ కష్టమైందా, క్లాసు వెనకబడిందా అన్నది తెలియదు. రెండింటిలోనూ దానికి కనబడేది తక్కువ సగటే. అదే పేపర్ రాసిన ఒంగోలు బ్రాంచి సగటు 46, కావలి బ్రాంచి సగటు 38, రెండు చోట్లా విచలనం 8 అనుకోండి. బ్రాంచికొకటిగా స్కేలింగ్ చేస్తే 46 తెచ్చుకున్న ఒంగోలు కుర్రాడికి 60, అదే 46 తెచ్చుకున్న కావలి కుర్రాడికి 76. పేపర్ ఒకటే అయినప్పుడు అందరినీ కలిపి ఒకే సగటు తీయాలి. వేర్వేరు పేపర్లయితే, రెండు బ్రాంచీల పిల్లలూ ఇంచుమించు ఒకే స్థాయివాళ్లని ముందు తేలాలి.

సగటు తీసేటప్పుడు పరీక్షకు రానివాళ్లను ఏం చేశారో కూడా అడగండి. ఎక్సెల్‌లో AVERAGE, STDEV.P రెండూ ఖాళీ గడిని వదిలేస్తాయి, సున్నాను మాత్రం లెక్కలోకి తీసుకుంటాయి. మన క్లాసులో రాసినవాళ్లు 36 మంది, రానివాళ్లు నలుగురు, వాళ్లకు 0 వేశారనుకుందాం. సగటు 34.2కు దిగుతుంది, విచలనం 8 నుంచి దాదాపు 13.7కు ఎగబాకుతుంది. గుణకం 2 కాస్తా 1.17కు పడిపోతుంది, తీసేయాల్సిన చోట దాదాపు 20 కలపాల్సి వస్తుంది. 50 వచ్చినవాడికి 84 బదులు 78, 25తో ఫెయిలైనవాడికి 34 బదులు 49. మార్కుల షీటులో హాలుకే రాని పిల్లల పేర్ల ఎదురుగా 20 కనిపిస్తే జరిగింది ఇదే.