మీ స్లైడ్ల టైటిల్స్ మాత్రమే చదివితే కథ అర్థమవుతుందా?

"పనితీరు సమీక్ష". "మూల కారణాలు". "ముఖ్యాంశాలు". "తదుపరి చర్యలు". ఈ నాలుగు టైటిల్స్‌ని ఏ స్లైడ్ డెక్‌లోనైనా పెట్టేయొచ్చు. సిమెంటు అమ్మకాల మీదైనా, ఆస్పత్రి బెడ్ల మీదైనా చక్కగా అతుకుతాయి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఎక్కడ పెట్టినా అతికే టైటిల్ అంటే ఈ డెక్ గురించి ఏమీ చెప్పని టైటిలే. స్లైడ్‌లో అన్నిటికంటే పెద్ద అక్షరాలుండే చోటు, చూసేవాళ్ల కన్ను మొదట పడే చోటు అది. దాన్ని డబ్బా మీద అంటించిన చీటీలా వాడేస్తున్నాం.

నా వాదన ఇది. ప్రతి స్లైడ్ టైటిల్ క్రియతో సహా పూర్తి వాక్యం కావాలి. ఆ స్లైడ్ చూశాక ఎదుటివాళ్లు ఏం ఒప్పుకోవాలో ఆ వాక్యమే చెప్పాలి. స్లైడ్ల కింద ఉన్నదంతా చెరిపేసి, టైటిల్స్ ఒక్కటే వరసగా చదివితే మొత్తం కథ తెలియాలి. కన్సల్టింగ్ కంపెనీల్లో ఇలాంటి వాక్యాన్ని యాక్షన్ టైటిల్ అంటారు. టైటిల్స్ ఒకదాన్నుంచి ఒకటి నడవడాన్ని హారిజాంటల్ లాజిక్ అనీ, టైటిల్ చెప్పిన మాటను కింద ఉన్న చార్టు నిరూపించడాన్ని వర్టికల్ లాజిక్ అనీ అంటారు. పేర్లు పక్కన పెట్టండి, పని ఎలా జరుగుతుందో చూద్దాం.

ఒక ఉదాహరణ కల్పించి చెప్తాను. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే ఒక కంపెనీ ఉందనుకోండి. నగరంలో పన్నెండు స్టోర్లు. డెలివరీలు లేటవుతున్నాయని కస్టమర్ల గోల. ఆపరేషన్స్ టీమ్ ఒక డెక్ తయారుచేసింది. టైటిల్స్ వరసగా ఇవీ: నేపథ్యం, డెలివరీ పనితీరు, రైడర్ల డేటా, స్టోర్ ప్రక్రియ, పైలట్ ఫలితాలు, సవాళ్లు, సిఫార్సులు. ఇవి చదివాక మీకేం తెలిసింది? ఏదో పైలట్, అంటే చిన్న ఎత్తున ప్రయోగం, జరిగిందని తెలిసింది. ఫలించిందో లేదో తెలియలేదు. తప్పు రైడర్లదో స్టోర్‌దో తెలియలేదు. డబ్బు అడుగుతున్నారో, మనుషుల్ని అడుగుతున్నారో, ఊరికే సమాచారం ఇస్తున్నారో కూడా తెలియలేదు.

అదే డెక్, అవే చార్టులు. టైటిల్స్ మాత్రం మారుద్దాం.

సాయంత్రం 6 నుంచి 9 మధ్య వచ్చే ఆర్డర్లలో మూడో వంతు లేటవుతున్నాయి. మిగతా రోజంతా పదింటిలో ఒకటే లేటవుతోంది.

రైడర్లు ఆలస్యం చేయడం లేదు: బ్యాగ్ చేతికి వచ్చాక దారిలో పట్టే టైమ్ పొద్దున్నా సాయంత్రమూ దాదాపు ఒకటే.

టైమంతా స్టోర్‌లోనే, అందులోనూ కూరగాయల తూకం దగ్గరే పోతోంది.

కూరగాయల్ని మధ్యాహ్నమే అరకిలో, కిలో ప్యాకెట్లుగా కట్టి పెట్టిన స్టోర్‌లో సాయంత్రపు ఆలస్యాలు సగానికి తగ్గాయి.

అయితే ముందే కట్టిన ఆకుకూరలు వాడిపోయి వృథా పెరిగింది, కాబట్టి వాటిని ఆర్డర్ వచ్చాకే తూచాలి.

ఆకుకూరలు తప్ప మిగతా కూరగాయలకు ఈ పద్ధతిని పదకొండు స్టోర్లలో మొదలుపెట్టడానికి, మధ్యాహ్నం షిఫ్టులో స్టోర్‌కు ఇద్దరు చొప్పున మనుషులు కావాలి.

మీరు ఒక్క చార్టూ చూడలేదు, అయినా సమస్య ఎక్కడుందో, ఎవరి తప్పు కాదో, ఏం చేసి చూశారో, అందులో ఏం బెడిసికొట్టిందో, చివరికి ఏం అడుగుతున్నారో తెలిసిపోయింది. ఇంకోటి గమనించండి. ఏడు టైటిల్స్ ఆరయ్యాయి. "నేపథ్యం" అన్న స్లైడ్‌కి వాక్యం రాయబోతే చెప్పడానికి ఏమీ దొరకలేదు, అందుకే అది ఎగిరిపోయింది. వాక్యం రాయలేకపోతున్నామంటే చాలాసార్లు ఆ స్లైడ్ అక్కర్లేదని అర్థం, లేదంటే ఆ డేటా ఏం చెబుతోందో మనమింకా తేల్చుకోలేదని అర్థం. రెండోదైతే టైటిల్ పక్కన పెట్టి మళ్ళీ డేటా దగ్గరికే వెళ్ళాలి.

రెండో టైటిల్‌ని మరోసారి చూడండి. మొదటి స్లైడ్ చూడగానే మీటింగ్‌లో ఎవరో ఒకరు "రైడర్లని పెంచండి" అంటారు. అనేలోపే ఆ ప్రశ్నకు జవాబు ఉంది. టైటిల్స్ వరస అంటే ఇదే. ఒక టైటిల్ చదవగానే మనసులో లేచే ప్రశ్నకు తర్వాతి టైటిల్ జవాబు చెప్పాలి. రెండు టైటిల్స్ మధ్య "అందుకని", "కానీ", "ఎందుకంటే" లాంటి మాట పెట్టి చదివి చూడండి. ఏదీ అతకకపోతే మధ్యలో ఒక మెట్టు తప్పిపోయింది, లేదా స్లైడ్లు తారుమారయ్యాయి. "ఇంకోటేంటంటే" అన్నది ఒక్కటే ప్రతిచోటా అతుకుతోందా? అయితే మీ దగ్గరున్నది కథ కాదు, జాబితా.

ఇది డెక్ పూర్తయ్యాక చివర్లో వేసే పూత కాదు. పవర్‌పాయింట్ తెరవకముందే ఒక తెల్ల కాగితం మీద టైటిల్స్ రాయాలి. అవి కుదిరాకే ఏ వాక్యానికి ఏ చార్టు కావాలో ఆలోచించాలి. వాక్యం రాకపోతే కొలీగ్‌కి ఫోన్ చేసి ఆ స్లైడ్‌లో ఏముందో తెలుగులోనే చెప్పండి. "ఏం లేదురా, లేటంతా తూకం దగ్గరే అవుతోంది" అని నోట్లోంచి వస్తుంది. టైటిల్ అదే. మనం దాన్ని తీసి పారేసి "స్టోర్ ప్రక్రియ అవలోకనం" అని టైప్ చేస్తాం. నోటితో ఇంత తేటగా చెప్పగలిగిన మనిషి స్లైడ్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు బిగుసుకుపోవాలి?

కొంత తప్పు సాఫ్ట్‌వేర్‌ది కూడా. పవర్‌పాయింట్ మామూలు టెంప్లేట్‌లో టైటిల్ సైజు 44 పాయింట్లు ఉంటుంది. ఆ సైజులో పూర్తి వాక్యం రాస్తే మూడు నాలుగు లైన్లై చార్టు మీదికి వచ్చేస్తుంది, దాంతో మనం రెండు మాటలకు కుదించేస్తాం. `View` లో `Slide Master` కి వెళ్ళి, సైజు 24 నుంచి 28 మధ్యకు తగ్గించి, ఎడమ వైపుకి జరిపి, రెండు లైన్లకు చోటివ్వండి. ఒక్కసారి చేస్తే డెక్ మొత్తానికీ సరిపోతుంది. టైటిల్ రెండు లైన్లు దాటుతోందంటే అందులో రెండు వాదనలు ఇరికించారన్నమాట, స్లైడ్‌ని రెండుగా విడగొట్టండి.

పరీక్షించడానికి `Outline View` తెరిచి, రైట్ క్లిక్ చేసి, `Collapse` లో `Collapse All` నొక్కండి. టైటిల్స్ మాత్రమే మిగులుతాయి. ఏదైనా స్లైడ్ ఎదురుగా ఖాళీగా కనిపిస్తే ఆ టైటిల్‌ని టైటిల్ పెట్టెలో కాకుండా విడిగా టెక్స్ట్ బాక్స్‌లో రాశారని, లేదా అసలు రాయలేదని అర్థం, సరిచేయండి. ఆ జాబితాని ఈ పని గురించి ఏమీ తెలియని ఒకరికి పంపి, కథ తిరిగి చెప్పమనండి. వాళ్ళు తడబడిన చోటే మీరు బాగుచేయాల్సిన చోటు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. పూర్తి వాక్యం రాసేస్తే పనైపోయిందనుకునేవాళ్ళు కొలంబియా గురించి తెలుసుకోవాలి. 2003 జనవరి 16న ఆ స్పేస్ షటిల్ బయలుదేరిన దాదాపు 82 సెకన్లకు ఇంధన ట్యాంకు నుంచి ఇన్సులేషన్ నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ప్రమాదమేమైనా ఉందా అని బోయింగ్ ఇంజినీర్లు విశ్లేషించి నాసాకు స్లైడ్లు ఇచ్చారు. వాటిలో ఒకదాని టైటిల్ పూర్తి వాక్యమే. షటిల్‌ని వేడి నుంచి కాపాడే టైల్స్‌లోకి ముక్క చొచ్చుకుపోవడం గురించి పరీక్షల డేటా చూస్తే అంచనాలు జాగ్రత్త వైపే, అంటే నష్టాన్ని ఎక్కువ చేసి చూపించే వైపే, ఉన్నాయని దాని భావం. పెద్ద అక్షరాల్లో అది చదివినవాళ్ళకు "పర్లేదు" అనే వినిపిస్తుంది. అదే స్లైడ్ అడుగున, చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది. పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, తగిలిందనుకుంటున్న ముక్క 1,920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు. పరీక్షల డేటాకు చాలా బయట ఉన్న పరిస్థితి ఇది అని వాళ్ళే రాశారు కూడా.

ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయారు. విచారణ బోర్డు తన నివేదికలో ఈ స్లైడ్‌ని ప్రత్యేకంగా చూపించి విమర్శించింది. ఒక్క స్లైడ్ వల్లే ప్రమాదం జరిగిందని నేను అనను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ఆ టైటిల్ చోట "తగిలిన ముక్క మనం పరీక్షించినదానికి 640 రెట్లు ఉంది, రెక్కకు ఏమైందో మన డేటా చెప్పలేదు" అని ఉండి ఉంటే, ఆ గదిలో జరిగే చర్చ వేరుగా ఉండేది. నేను ఈ మాట గట్టిగా నమ్ముతాను.

అందుకే టైటిల్ రాశాక చార్టు వైపు చూసి ఒకే ప్రశ్న వేసుకోవాలి. ఈ చార్టు మాత్రమే చూసిన మనిషి ఈ వాక్యానికి తనంతట తాను వస్తాడా? మన ఉదాహరణలో పైలట్ జరిగింది ఒక్క స్టోర్‌లోనే. "ముందే కట్టి పెడితే ఆలస్యాలు సగానికి తగ్గుతాయి" అని రాస్తే అది అబద్ధానికి దగ్గర. "కట్టి పెట్టిన స్టోర్‌లో తగ్గాయి" అన్నది నిజం. డేటా తేల్చని విషయమైతే తేల్చలేదనే టైటిల్‌లో రాయాలి. అదీ పూర్తి వాక్యమే. సంకోచాన్ని కింద ఫుట్‌నోట్‌లో దాచి, పైన ధీమాగా రాయడం కంటే "మూల కారణాలు" అని వదిలేయడమే నయం.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం నాకు తెలుసు. "టైటిల్‌లోనే అంతా చెప్పేస్తే నేను మాట్లాడటానికి ఏం మిగులుతుంది?" అంటారు. వేదిక మీద నిలబడి, కథ మలుపులు దాచి చెప్పే ప్రసంగానికి ఆ మాట న్యాయమే. అక్కడ స్లైడ్ మీద ఒక్క ఫొటో ఉన్నా చాలు. నేను మాట్లాడుతున్నది ఆఫీసు డెక్ గురించి. అది మీటింగ్ అయ్యాక మెయిల్‌లో తిరుగుతుంది. మీరు ఎదురుగా లేనప్పుడు, మీ వివరణ వినని మనిషి దాన్ని ఫోన్‌లో తిప్పుకుంటూ చూసి నిర్ణయం తీసుకుంటాడు. ఆ మనిషి చదివేది టైటిల్స్. వివరం కావాలంటే ఏదో ఒక స్లైడ్ దగ్గర ఆగుతాడు.

చివర్లో జతచేసే అనుబంధం స్లైడ్లకు మాత్రం ఈ పట్టింపు అక్కర్లేదు. "స్టోర్లవారీగా నెలవారీ ఆర్డర్లు" అన్న టేబుల్‌ని ఎవరైనా వెతుక్కుంటూ వస్తారు, అక్కడ పేరే వాళ్ళకు దారి చూపిస్తుంది. దాని ముందున్న ప్రతి స్లైడ్‌కీ వాక్యం రాయండి.