అమ్మకం నిజం, డబ్బు కూడా చేతులు మారింది. మరి గ్రూపు లెక్కల్లోంచి ఎందుకు కొట్టేస్తారు?

“మాతృసంస్థ తన అనుబంధ సంస్థకు సరుకు అమ్మింది. జీఎస్టీ ఇన్‌వాయిస్ ఉంది, బ్యాంకులో డబ్బు పడింది. అలాంటి అమ్మకాన్ని, గ్రూపు కంపెనీల లెక్కలన్నీ ఒకటిగా కలిపే కన్సాలిడేషన్‌లో తీసేయడం అన్యాయం కాదా?”

కాదండీ. మాతృసంస్థ సొంత లెక్కల్లో ఆ అమ్మకం అలాగే ఉంటుంది. గ్రూపు లెక్కలో మాత్రం రెండు కంపెనీలూ ఒకే సంస్థ కింద లెక్క, తనకు తాను అమ్ముకుంటే లాభం రాదు.

మాతృసంస్థ 80 లక్షల సరుకును అనుబంధ సంస్థకు 100 లక్షలకు అమ్మిందనుకోండి. అనుబంధ సంస్థ అందులో 60 శాతం బయటివాళ్లకు 75 లక్షలకు అమ్మింది. విడివిడిగా చూస్తే లాభాలు 20, 15, కలిపి 35 లక్షలు. కానీ బయటికెళ్లిన సరుకు అసలు ఖర్చు 48 లక్షలే, కాబట్టి గ్రూపు లాభం 27. మిగతా 8 లక్షలు గోడౌన్‌లో ఉన్న సరుకు ధరలో దాక్కున్నాయి.

చాలామంది ఇక్కడే పొరపడతారు. అమ్మకాల్లో 100, కొనుగోళ్లలో 100 తీసేసి పని అయిపోయిందనుకుంటారు. అప్పుడు లాభం 35 దగ్గరే ఆగిపోతుంది, పొరపాటుకు అదే గుర్తు. ముగింపు సరుకును 40 నుంచి 32 లక్షలకు దించాలి. వచ్చే ఏడాది అది బయట అమ్ముడుపోతే ఆ 8 లక్షలు అప్పుడు లాభంలోకి వస్తాయి.

అనుబంధ సంస్థలో మాతృసంస్థ వాటా 80 శాతమే ఉన్నా, కన్సాలిడేషన్‌కు సంబంధించిన మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 110 ప్రకారం 8 లక్షలూ పూర్తిగా తీసేయాల్సిందే. ఇది లేకపోతే ఏ గ్రూపైనా మార్చి నెలాఖరున సరుకును అటూ ఇటూ తిప్పి లాభం పెంచి చూపించగలదు. ఆ అంకె నమ్మి షేర్లు కొనేది మనలాంటివాళ్లే.