తీర్పు డెరివేటివ్‌దా, బొమ్మదా?

"x³ + x = 1 ని x = 1 − x³ గా రాసుకుని 0.68 నుంచి మొదలుపెట్టాను. విలువలు దగ్గరకు రావడం లేదు, దూరం పోతున్నాయి. ఇది ముందే తెలియాలంటే డెరివేటివ్ చూస్తే చాలా, కాబ్‌వెబ్ బొమ్మ గీయాలా?"
(డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి)

మాస్టారు: డెరివేటివ్ చాలు. 1 − x³ డెరివేటివ్ −3x². మూలం 0.6823 కాబట్టి అక్కడ దాని విలువ సుమారు −1.4. నువ్వు మూలానికి ఎంత ఎడంగా ఉన్నావో, ఒక్కో మెట్టుకి ఆ ఎడం 1.4 రెట్లు అవుతుంది. మైనస్ ఉంది కాబట్టి ఒకసారి మూలానికి కుడివైపు, ఒకసారి ఎడమవైపు పడతావు. ఇక దగ్గరకు రావడం అనేది లేదు.

శారద: మూలం 0.6823 అని తెలిస్తే ఆ అబ్బాయికి ఇటరేషన్‌తో పనేంటి మాస్టారూ? స్థిర బిందువు దగ్గర డెరివేటివ్ చూడమంటారు. ఆ బిందువే కదా వాడు వెతుకుతున్నది!

మాస్టారు: అడగాల్సిన ప్రశ్నే అడిగావు. కానీ మూలం కచ్చితంగా తెలియక్కర్లేదమ్మా, ఏ రెండు విలువల మధ్య ఉందో తెలిస్తే చాలు. x³ + x లో 0.6 వేస్తే 0.816 వస్తుంది, 1 కన్నా తక్కువ. 0.7 వేస్తే 1.043, ఎక్కువ. కాబట్టి మూలం ఈ రెండింటి మధ్యే ఉంది. ఆ మధ్యలో 3x² ఎక్కడ చూసినా 1.08 నుంచి 1.47 లోపే ఉంటుంది. ఎక్కడా 1 కన్నా తగ్గలేదు, తీర్పు అయిపోయింది. అంతకన్నా తేలిక దారి ఇంకోటి ఉంది. అబ్బాయి చేసిన లెక్కే చూడు: 0.68, 0.6856, 0.6778, 0.6886. పక్కపక్క విలువల తేడాలు 0.0056, −0.0078, 0.0109. ఒక తేడాని దాని ముందు తేడాతో భాగిస్తే ప్రతిసారీ −1.4 దగ్గరే వస్తోంది. డెరివేటివ్ కట్టకపోయినా ఆ సంఖ్య లెక్కలోంచి తనే బయటపడింది. నాలుగు విలువలు చూసి ఆపేసి ఉండొచ్చు. బొమ్మ గీసే లోపు ఈ పని రెండుసార్లు అయిపోతుంది.

శారద: సరే, దూరం పోతుంది. పోయి ఎక్కడ తేలుతుంది? మీ −1.4 అది చెప్పదు. నేను గీశాను. y = 1 − x³ కర్వ్, దాని మీదుగా y = x గీత. 0.68 దగ్గర నిలువుగా కర్వ్ దాకా, అక్కడి నుంచి అడ్డంగా y = x గీత దాకా, మళ్లీ నిలువుగా కర్వ్ దాకా. చుట్టు తర్వాత చుట్టు పెద్దదవుతుంది. మీ లెక్క ప్రకారం అలా పెరుగుతూనే ఉండాలి. కానీ చివరికి అది ఒక చతురస్రంలో ఇరుక్కుంటుంది. దాని మూలలు (0,0), (0,1), (1,1), (1,0). అంటే విలువలు 0, 1, 0, 1 అని తిరుగుతాయి. ఆ అబ్బాయి ఇంకాసేపు ఓపిక పట్టి ఉంటే అదే చూసేవాడు. ఇది బొమ్మలో కనబడింది, డెరివేటివ్‌లో కనబడలేదు.

మాస్టారు: చతురస్రాన్ని బొమ్మ చూపించింది, ఒప్పుకుంటాను. మూలం దగ్గరి డెరివేటివ్ మూలం చుట్టుపక్కల సంగతే చెబుతుంది. కానీ ఆ చతురస్రంలో ఎందుకు ఇరుక్కుందో చెప్పు చూద్దాం. రెండు మెట్లు కలిపి ఒక్క మెట్టుగా చూడు. అప్పుడు 0 కూడా స్థిర బిందువే, అక్కడి డెరివేటివ్ 0 దగ్గరిదీ 1 దగ్గరిదీ గుణిస్తే వస్తుంది. 0 దగ్గర 0, 1 దగ్గర −3. లబ్ధం 0. అందుకే అంత గట్టిగా లాగేసుకుంటోంది. ఎక్కడ చూడాలో బొమ్మ చెప్పింది, ఎందుకో డెరివేటివే చెప్పాలి.

శారద: క్లాసులో జరిగింది ఒకటి చెబుతాను. కాలిక్యులేటర్‌లో కొసైన్ బటన్ నొక్కుతూనే ఉండమన్నాను. అందరికీ 0.739 వైపు మెల్లగా, అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. ఒక అమ్మాయికి మాత్రం రెండు మూడు నొక్కుళ్లకే 0.99985 దగ్గర ఆగిపోయింది. డెరివేటివ్ అక్కడ −0.67 అని బోర్డు మీద రాసి ఉంది, ఆమెకి ఆ సంఖ్య ఎందుకు పనికొచ్చింది?

మాస్టారు: ఆమె కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంది.

శారద: తెలుసండీ. అయినా కొసైన్ కొసైనే కదా.

మాస్టారు: కాదమ్మా, అది వేరే ఫంక్షన్. డిగ్రీలు వేస్తే డెరివేటివ్‌కి ముందు π/180 వచ్చి చేరుతుంది. 0.99985 డిగ్రీల సైన్ కూడా చాలా చిన్నదే. రెండూ గుణిస్తే సుమారు −0.0003. ఒక్కో నొక్కుడికి మూడు అంకెలకు పైగా కుదురుకుంటాయి. మిగతావాళ్లకి −0.67 కాబట్టి ఒక్క అంకె కుదరడానికి ఆరు నొక్కుళ్లు పడతాయి. ఆమె చూసినది సరిగ్గా డెరివేటివ్ చెప్పినదే. బోర్డు మీద రాసింది ఆమె ఫంక్షన్‌ది కాదు, అంతే.

శారద: అలాగైతే నా అసలు ప్రశ్న వినండి. x ని sin x తో మార్చుకుంటూ పోతే 0 వైపు వస్తుంది. sinh x తో మార్చుకుంటూ పోతే 0 నుంచి దూరం పోతుంది. రెండింటికీ 0 దగ్గర డెరివేటివ్ 1. మీ సంఖ్య ఒకటే, ఫలితాలు మాత్రం వేరు. నా బొమ్మలో మాత్రం x > 0 వైపు ఒక కర్వ్ y = x గీతకి కింద ఉంది, ఇంకోటి పైన ఉంది. కింద ఉంటే మెట్లు దిగుతూ 0 కి వస్తాయి, పైన ఉంటే ఎక్కుతూ పోతాయి. చిన్నపిల్లలు కూడా చూసి చెప్పగలరు.

మాస్టారు: ఇక్కడ దెబ్బ తగిలింది. డెరివేటివ్ 1 అయినా −1 అయినా, దానితో తీర్పు చెప్పలేం. కానీ నీ పిల్లలు ఏ కాగితం మీద చూస్తారు? x = 0.1 దగ్గర sin x కి, y = x గీతకి మధ్య ఎడం సుమారు x³/6, అంటే 0.00017. ఒక యూనిట్‌కి పది సెంటీమీటర్లు పెట్టి గీసినా ఆ ఎడం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు. పెన్సిల్ గీత దానికన్నా లావు. 0 దగ్గర రెండూ అతుక్కుపోయి కనిపిస్తాయి. ఏది కింద ఉందో నీకు చెప్పింది బొమ్మ కాదు, x³/6 ముందున్న గుర్తు. పైగా ఎంత నెమ్మదో కూడా బొమ్మలో తెలియదు. 1 నుంచి మొదలుపెట్టి వెయ్యి మెట్లు వేసినా sin ఇంకా 0.05 దాటి పైనే ఉంటుంది.

శారద: అయితే x³/6 చూడండి అనండి, డెరివేటివ్ చాలు అనకండి.

మాస్టారు: సరే, 1 వచ్చినప్పుడు చాలదు. ఇప్పుడు అబ్బాయి సంగతికి వద్దాం. అదే సమీకరణాన్ని x(x² + 1) = 1 అని చూసి x = 1/(1 + x²) గా రాసుకోమను. మూలం దగ్గర డెరివేటివ్ −0.635. అయిదు మెట్లకో అంకె కుదురుతుంది. ఇందులో ఇంకో సుఖం ఉంది. ఈ కర్వ్ మొత్తం మీద ఎక్కడ చూసినా డెరివేటివ్ పరిమాణం 0.65 దాటదు. కాబట్టి 0.68 నుంచే మొదలుపెట్టాలని లేదు, 100 నుంచి మొదలుపెట్టినా మూలానికే చేరతాడు. ఏ బొమ్మా ఈ హామీ ఇవ్వదు.

శారద: హామీ బావుంది. కానీ మాస్టారూ, మీరిప్పుడు స్థిర బిందువు దగ్గర డెరివేటివ్ చూడలేదు. కర్వ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశారు. నేను గీయమన్నది ఆ కర్వ్‌నే.

మాస్టారు: చూశాను, కానీ కళ్లతో కాదు, లెక్కతో.

శారద: 0.65 అనేది కర్వ్‌లో ఎక్కడ వెతకాలో మీకెలా తెలిసింది?

మాస్టారు: రెండో డెరివేటివ్ సున్నా అయ్యే చోట. x = 1/√3. దానికి బొమ్మ అక్కర్లేదు.

శారద: రెండో డెరివేటివ్ కట్టలేని ఫంక్షన్ వచ్చినప్పుడు మళ్లీ మాట్లాడదాం.