వేడి చేసేవీ, వేడి చెయ్యాల్సినవీ

మొన్న శనివారం నా సీమంతంలో ఒక దొంగతనం భగ్నమైంది. దొంగని నేనే. సొత్తు నాలుగు పండు బొప్పాయి ముక్కలు. ఫ్రూట్ ట్రేలోంచి తీసి ప్లేట్లో వేసుకున్నానో లేదో, మా వీధి చివరింటి ఆంటీ (డాలస్ శివార్లలో వీధి చివరంటే కారేసుకుని రావాలి, అయినా వీధి వీధే) వెనకనించి ప్లేటు లాగేసుకున్నారు. "బుద్ధుందా అమ్మాయ్, ఏడో నెల, వేడి చేస్తుంది!" అని ముక్కలన్నీ ఏరి, ట్రేలో మిగిలినవి కూడా ఊడ్చి, ఒక డబ్బాలో పెట్టి మూత బిగించి తన హ్యాండ్‌బ్యాగ్ పక్కన పెట్టుకున్నారు, సాక్ష్యం కింద కాబోలు. ఇక ప్లేటు ఖాళీ అయిందని జాలేసి అందులో ఒక టర్కీ శాండ్‌విచ్ పెట్టారు. ఆ శాండ్‌విచ్‌ల ట్రే పదకొండింటికి వచ్చింది. అప్పుడు టైం మూడున్నర. పొద్దున చల్లగా వచ్చిన శాండ్‌విచ్ ఆ పాటికి మా హాల్లో సోఫా ఎంత వెచ్చగా ఉందో అంత వెచ్చగా ఉంది.

"తిను తల్లీ, ఇదేం వేడి చెయ్యదు."

నిజమే. ఎవరూ దాన్ని వేడి చెయ్యలేదు కూడా. అదే గొడవ.

మనవాళ్ళకి ప్రపంచంలో తిండంతా రెండే రకాలు, వేడి చేసేది, చలవ చేసేది. బొప్పాయి, పైనాపిల్, నువ్వులుండలు, మామిడిపండు వేడి. మిగతాదంతా చలవ. ఇంత గొప్ప శాస్త్రంలో స్టవ్ మీద వేడి అనే మూడో రకానికి చోటు లేకుండా పోయింది. బొప్పాయి మీద కేసు ఏంటంటే, పచ్చికాయ పాలు ఎలుకల గర్భసంచిని బిగుసుకునేలా చేశాయని ల్యాబ్‌లో తేలింది, నిజమే, కానీ అదే ప్రయోగంలో పండిన బొప్పాయి రసం ఎలుకల్ని ఏమీ చెయ్యలేదు. పచ్చి బొప్పాయి కూర మానెయ్యమంటే మానేస్తా. పండు మీద ఛార్జిషీటు మాత్రం పూర్తిగా పుకారు. కడుక్కుని కోసుకుని తింటే చాలు.

ఆ శాండ్‌విచ్ సంగతి అలా కాదు. అందులో ఉండొచ్చు అని అందరూ భయపడే బ్యాక్టీరియా పేరు లిస్టీరియా. దాని ప్రత్యేకత ఏంటంటే అది ఫ్రిజ్‌ని లెక్క చెయ్యదు. మిగతా బ్యాక్టీరియా చాలావరకు నాలుగు డిగ్రీల దగ్గర ముడుచుకుని పడుకుంటుంది, ఇది మాత్రం నింపాదిగా, మన పెళ్ళిళ్ళలో రెండో పంక్తి కోసం కూర్చున్నవాళ్ళలాగా, తన సమయం వచ్చేదాకా పెరుగుతూనే ఉంటుంది. శాండ్‌విచ్‌లో పెట్టే మాంసం ముక్కలు, అదే కోల్డ్ కట్స్, ఫ్యాక్టరీలో ఉడుకుతాయి, అప్పుడు అది చస్తుంది, డౌటు లేదు. సమస్యంతా ఉడికిన తర్వాతే. తడి నేల, డ్రైనేజీ, ముక్కలు కోసే మిషను, వీటి మీద నించి మళ్ళీ మాంసం మీదకెక్కుతుంది, ప్యాకెట్లో వారాల తరబడి చల్లగా పెరుగుతుంది, మనం తెచ్చుకుని ఇంకోసారి వేడి చెయ్యకుండా బ్రెడ్డు మధ్య పెట్టుకుని తింటాం. షాపులో మాంసం అడిగినంత కోసిచ్చే డెలీ కౌంటర్లో అయితే ఒక్క ముద్ద పాడైతే చాలు, అదే స్లైసర్ మీద దాని వెనక కోసిన వాటికన్నిటికీ అంటుకుంటుంది.

ఇది ఎంత అరుదో కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఆంటీ పార్టీలో చేరిపోయినట్టే. అమెరికా మొత్తంలో ఏటా వెయ్యి పైచిలుకు కేసులు, అంతే. కానీ కడుపుతో ఉన్నవాళ్ళకి ఇది సోకే అవకాశం మామూలువాళ్ళ కంటే సుమారు పది రెట్లు. తల్లికి కాస్త జ్వరం, ఒళ్ళు నొప్పులు, అంతే వస్తుంది, బిడ్డ మాత్రం దాదాపు నలుగురిలో ఒకరికి దక్కదు.

ఇక చీజ్. నా డాక్టరు ఆఫీసులో ఒక జిరాక్స్ కాగితం ఇచ్చారు, దాని మీద "చీజ్ జాగ్రత్త" అని ఉంది. ఏ చీజో లేదు. నలభై వస్తువులు ఒకే సైజు అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి, కాఫీ రెండో కప్పుకీ పచ్చి పాలకీ తేడా లేదు. అది చదివి మా చిన్నత్తయ్య నేను పన్నీరు కూడా ముట్టకూడదని తీర్మానించారు. మరిగించిన పాలు విరిచి, మళ్ళీ కూరలో ఉడికించిన పన్నీరు! ఎండు చెడ్డార్ ముక్క, పిజ్జా మీద కరిగిన మొజరెల్లా, వీటితో పేచీ లేదు. పేచీ అంతా తడిగా, పులుపు తక్కువగా, చేత్తో పిసికి చేసే మెత్తటి తెల్ల చీజ్‌తో, మెక్సికన్ కేసో ఫ్రెస్కో లాంటిదానితో, ఇంకా పైన తెల్లటి పొర ఉండే బ్రీ, కమాంబేర్ లాంటివాటితో. 1985లో లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల ఒక కంపెనీ మెక్సికన్ చీజ్ వల్ల 142 మందికి లిస్టీరియా వచ్చింది, అందులో 93 కేసులు తల్లీబిడ్డలవి, కడుపులో ఉన్నవీ పుట్టినవీ కలిపి 30 మంది పిల్లలు పోయారు. అక్కడ పచ్చి పాలు కలిసిన అనుమానం ఉంది. అయితే పాలు పాశ్చరైజ్ చేసినా, ఆ తర్వాత చేతుల్లో, తొట్టిల్లో అంటుకుంటుంది కాబట్టి కేసో ఫ్రెస్కోని పొగలొచ్చేదాకా వేడి చేస్తే తప్ప తినొద్దంటారు. నా సీమంతంలో టాకోల మీద పచ్చిగా చల్లింది అదే. దాన్ని చూసి ఆంటీ "పన్నీరేలే, మంచిది, బలం" అన్నారు.

సాయంత్రం ఆరింటికి అందరూ వెళ్ళాక మా ఆయనా నేనూ మిగిలినవాటి ముందు కోర్టు పెట్టాం. ఆయన అమెజాన్‌లో మాంసానికి గుచ్చే థర్మామీటరు కొన్నాడు, నాలుగు నెలలుగా దానికి పని దొరకలేదు, ఆ రోజు జడ్జి గారిలా కూర్చున్నాడు. మొదటి ముద్దాయి మటన్ బిర్యానీ, పెద్ద అల్యూమినియం ట్రే, పన్నెండున్నర నించి మూత పెట్టి టేబుల్ మీదే ఉంది. నేను పారెయ్యమన్నా, ఆయన "మైక్రోవేవ్‌లో బాగా వేడి చేద్దాం" అన్నాడు. ఇక్కడే అందరం పప్పులో కాలేస్తాం. అన్నంలో ఉండే ఇంకో రకం బ్యాక్టీరియా తాలూకు విత్తనాల్లాంటి బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా గంటలు గంటలు వదిలేస్తే మొలకెత్తి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. దానివల్ల మామూలుగా బిడ్డకేమీ కాదు కానీ ఏడో నెలలో వాంతులతో సెలైన్ ఎక్కించుకోవటం నాకిష్టం లేదు. రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టుంటే, మూడు నాలుగు రోజులు హాయిగా తినేదాన్ని. పెట్టలేదు. పోయింది బిర్యానీ. మా ఆయన మొహం చూడాలి, మనవాళ్ళలో బిర్యానీ పారెయ్యటం పంచమహాపాతకాల్లో ఆరోది.

పులిహోర బతికింది, చింతపండు పులుపులో బ్యాక్టీరియాకి అంత సుఖం ఉండదు, పూర్వం తిరపతి ప్రయాణాలకి అదే ఎందుకు కట్టేవారో ఊహించుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటకే ఫ్రిజ్‌లోకి వెళ్ళిన పప్పు బతికింది, మరిగేదాకా కాచి వేసుకోవటమే. శాండ్‌విచ్‌లు నేరుగా చెత్తబుట్టలోకి, వాదనలు కూడా వినలేదు.

ఫ్రిజ్‌లో కొత్తది, సీలు విప్పని టర్కీ ప్యాకెట్ ఒకటుంది, దాన్ని పొగలొచ్చేలా వేడి చేస్తే తినొచ్చంటే ట్రై చేశాం. నలభై సెకన్లు తిప్పి గుచ్చితే అంచు 170, మధ్యలో 118. కావాల్సింది 165 ఫారెన్‌హీట్, ఎక్కడ గుచ్చినా. తిప్పేసి, పరిచి, ఇంకో నిమిషం పెడితే అప్పుడొచ్చింది. మైక్రోవేవ్‌ది మా బాబాయ్ మొహమాటం లాంటిది, పైకి బాగా వేడెక్కినట్టు కనిపిస్తాడు, మధ్యలో చల్లగానే ఉంటాడు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. కానీ నాకు తెలిసిన ఒకమ్మాయి ఉంది, పేరెందుకు. ఆరో నెలలో బిడ్డ పోయింది. హాస్పిటల్ నించి వచ్చిన రోజు సాయంత్రం ఇంటికొచ్చిన పెద్దావిడ మొదటి మాట "ఏం తిన్నావ్?" అని. రెండోది "బొప్పాయేమన్నా?" అని. ఆ పిల్ల రెండేళ్ళయినా ఇప్పటికీ తన ఫోన్లో ఫుడ్ డెలివరీ ఆర్డర్లు పైకీ కిందకీ తోస్తూ ఉంటుంది, ఆ నెలలో ఏం తిన్నానో అని. ఎవరూ ఆమెకి ఏ టెస్టూ చెయ్యలేదు, కారణం ఎవరికీ తెలీదు, అయినా తీర్పు మాత్రం ఇచ్చేశారు. ఎందుకు ఎప్పుడూ ఆమెనే అడుగుతారండీ? 2024లో బోర్స్ హెడ్ కంపెనీ వర్జీనియా ఫ్యాక్టరీలో తయారైన లివర్‌వర్స్ట్ అనే లివర్ సాసేజ్ వల్ల 61 మంది లిస్టీరియాతో జబ్బుపడి 10 మంది చచ్చిపోయారు. అంతకుముందు ఏడాది పాటు ఇన్‌స్పెక్టర్లు ఆ ఫ్యాక్టరీలో బూజు, పురుగులు, కారుతున్న నీళ్ళు చూసి 69 సార్లు తప్పు రాశారు. అరవై తొమ్మిది. ఆ అరవై తొమ్మిది సార్లూ ఫ్యాక్టరీ వాళ్ళని ఎవరన్నా గడప దగ్గర నిలబెట్టి "ఏం తిన్నావ్, ఏం తినిపించావ్" అని అడిగారా? నాలుగు ముక్కల పండు తిన్న ఆడపిల్లని మాత్రం జీవితాంతం అడుగుతారు.

అడగటానికి అంత సరదాగా ఉంటే పనికొచ్చేది ఇంకోటి ఉంది, అది అడగండి. "జ్వరం ఉందా?" అని. లిస్టీరియా తిన్న రోజే బయటపడదు, వారాలు పట్టొచ్చు, కొందరికి రెండు నెలల దాకా. అందుకే నిన్నటి బొప్పాయి మీద పడి ఏడవటం దండగ. 100.6 దాటిన జ్వరం, దానికి వేరే కారణం కనపడటం లేదు, మొన్నామధ్య చల్లటి డెలీ మాంసమో మెత్తటి చీజో తిన్నారు, లేదా తిన్న బ్రాండు రీకాల్ అయిందని వార్తల్లో చూశారు అంటే, పారాసెటమాల్ వేసుకుని పడుకోకుండా డాక్టరుకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాలి, చూపిస్తే బ్లడ్ కల్చర్ తీస్తారు, రిజల్టు కోసం ఆగకుండా ఆంపిసిలిన్ మొదలెడతారు, ఆ మందు కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు. తిన్నా ఏ లక్షణమూ లేకపోతే టెస్టులేమీ అక్కర్లేదు, రెండు నెలల దాకా ఒళ్ళు గమనించుకుంటే చాలు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఆంటీ ఫోన్. శాండ్‌విచ్‌లు పారేశానని చెప్పా, "అయ్యో, రేపు మీ ఆయన లంచ్‌కి పనికొచ్చేవిగా" అని బాధపడ్డారు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ బొప్పాయి డబ్బా పొరపాటున నా కార్లో వచ్చేసింది."

"పర్లేదాంటీ."

"చాలా తియ్యగా ఉందమ్మా. ఎక్కడ కొన్నావ్?"