ఐదు శాతం లెక్క పసిపిల్లల దగ్గర నిలవదు

"పిల్లల ఎమర్జెన్సీ డోస్ చార్ట్‌కు అంత హడావుడి అక్కర్లేదు. ఫార్ములరీలో ఉన్న కిలో డోసును ఎక్సెల్‌లో బరువుతో గుణించి, కాలమ్ మొత్తాన్ని ఒక దశాంశానికి రౌండ్ చేస్తే చాలు. ఆ తేడా ఐదు శాతం దాటదు. ఒక్క సెల్‌లో ఫార్ములా సరిగ్గా ఉంటే కిందంతా సరిగ్గానే వస్తుంది. నర్సుకు కావాల్సింది మి.లీ. అంకె ఒక్కటే, మిగతావి తీసేయండి."

ఈ సలహాలో ముందు ఐదు శాతం సంగతి చూద్దాం, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక దశాంశానికి రౌండ్ చేస్తే అంకె అటూ ఇటూ 0.05 వరకు జరగవచ్చు. ఆ 0.05 అనేది ఐదు శాతం లోపు ఉండాలంటే అసలు అంకె కనీసం 1 ఉండాలి. కార్డియాక్ అరెస్ట్‌లో సిరలోకి ఇచ్చే అడ్రినలిన్ డోసు కిలోకు 0.01 మి.గ్రా. దాన్ని మి.గ్రా.ల్లో రాసి రౌండ్ చేస్తే, ఐదు శాతం మాట ఖాయంగా నిలబడటానికి రోగి బరువు 100 కిలోలు ఉండాలి. మనం చార్ట్ చేస్తున్నది మూడు కిలోల పాపకు.

ఆ పాప వరుసలో ఏం జరుగుతుందో చూడండి. 3 కిలోలకు 0.03 మి.గ్రా., రౌండ్ చేస్తే 0.0. సున్నా వస్తే ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి దాని గురించి నాకు పెద్ద భయం లేదు. 5 కిలోల వరుసలో 0.05 కాస్తా 0.1 అవుతుంది, అంటే రెట్టింపు. చూడటానికి మాత్రం మామూలు అంకెలాగే ఉంటుంది. ఇంకాస్త కిందికి వెళితే 14 కిలోలకు 0.14 బదులు 0.1, 15 కిలోలకు 0.15 బదులు 0.2. ఒకరికి దాదాపు 29 శాతం తక్కువ, ఇంకొకరికి 33 శాతం ఎక్కువ. ఇద్దరు పిల్లల మధ్య తేడా ఒక్క కిలో, కానీ చార్ట్ ప్రకారం రెండో వాళ్లకు రెండింతల మందు. కాలమ్‌ను పైనుంచి కిందికి చదువుతూ, వరుసకూ వరుసకూ అంకె ఎంత పెరుగుతోందో చూస్తే ఈ తప్పు దొరికిపోతుంది. కాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా ఎగిరే కాలమ్ కనిపిస్తే, మధ్యలో ఎక్కడో ముందే రౌండ్ చేశారని అర్థం.

కాబట్టి మి.గ్రా.ల దగ్గర రౌండ్ చేయకూడదు. లెక్కంతా పూర్తిగా నడిపి, చివర్లో మి.లీ. దగ్గర ఒక్కసారే చేయాలి. అదీ దశాంశాల లెక్కన కాదు, వాడే సిరంజి గీతల లెక్కన. 1 మి.లీ. సిరంజి మీద గీతలు 0.01 మి.లీ. చొప్పున ఉంటాయి, 2 మి.లీ. సిరంజి మీద సాధారణంగా 0.1 చొప్పున. అనఫిలాక్సిస్‌లో కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండే మందు, కాబట్టి ఇక్కడా కిలోకు 0.01 మి.గ్రా. చొప్పున 7 కిలోల పాపకు 0.07 మి.లీ. దాన్ని 0.1 చేస్తే 43 శాతం ఎక్కువ పోతుంది. ఆ వరుసలో 0.07 అనే ఉంచి, పక్కనే "1 మి.లీ. సిరంజి" అని రాయాలి. అదే మందును పది రెట్లు పలుచన చేసి అరెస్ట్‌లో వాడితే 7 కిలోలకు 0.7 మి.లీ. అవుతుంది, అక్కడ ఒక దశాంశం చక్కగా సరిపోతుంది. మందు ఒకటే అయినా రెండు వరుసలకు రెండు రౌండింగ్ పద్ధతులు కావాలి. కాలమ్ మొత్తానికి ఒకే నియమం ఎందుకు కుదరదో ఇక్కడే తెలుస్తుంది.

ఇక ఫార్ములా నమ్మకం. ఎక్సెల్‌లో దశాంశాలు తగ్గించే బటన్ నొక్కితే కనిపించే అంకె మారుతుంది, లోపలి విలువ మారదు. నేను చూసిన ఒక డ్రాఫ్ట్‌లో 5 కిలోల వరుసలో 0.1 మి.గ్రా. అని, పక్కన 0.5 మి.లీ. అని ఉంది. పలుచన చేసిన మందులో 1 మి.లీ.కి 0.1 మి.గ్రా. మి.లీ. కాలమ్ లోపలున్న 0.05 నుంచి లెక్కకట్టింది, మి.గ్రా. కాలమ్ మాత్రం 0.1గా ప్రింట్ అయింది. మి.గ్రా. చూసి మందు లాగినవాళ్లు 1 మి.లీ. లాగుతారు. ఫార్ములాలో తప్పేమీ లేదు, కాగితం మీద ఉంది.

కిందికి లాగేటప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. మందు బలం రాసుకున్న సెల్‌ను `$F$1` అని కట్టేయకపోతే రెండో వరుస `F2`ను, మూడోది `F3`ను పట్టుకుంటుంది. కింద ఖాళీ ఉంటే ఎర్రర్ వస్తుంది, బతికిపోతాం. వేరే మందు బలం ఉంటే మాత్రం చప్పుడు లేకుండా తప్పు అంకె వస్తుంది. గరిష్ఠ డోసు సంగతీ అంతే. ఫిట్స్‌కు లోరాజెపామ్ కిలోకు 0.1 మి.గ్రా., 4 మి.గ్రా. మించకూడదు. కేవలం గుణిస్తే 45 కిలోల దగ్గర 4.5 వస్తుంది. అరెస్ట్ అడ్రినలిన్‌కు గరిష్ఠం 1 మి.గ్రా. దాన్ని కూడా కలిపితే ఫార్ములా ఇలా ఉండాలి, `A2`లో బరువు, `F1`లో 0.1:

```
=ROUND(MIN(A2*0.01,1)/$F$1,1)
```

ఈ ఫార్ములా పూర్తి కిలోల వరుసలకే. 3.5 కిలోల వరుస పెడితే 0.35 మి.లీ. కాస్తా 0.4 అవుతుంది, 14 శాతం ఎక్కువ. అలాంటి వరుసలకు చివరి `1` తీసి `2` పెట్టి, 1 మి.లీ. సిరంజి అని రాయండి.

చెక్ చేయడానికి ఇదే షీట్‌ను మళ్లీ చూడటం వల్ల ఉపయోగం లేదు, అదే తప్పు మళ్లీ అదే జవాబు ఇస్తుంది. చార్ట్ చేయని ఇంకొకరు ప్రింట్ తీసిన కాగితం చేతిలో పట్టుకుని, కొత్త షీట్‌లో అందులోని బరువులను `A` కాలమ్‌లో, మి.లీ. అంకెలను `D` కాలమ్‌లో టైప్ చేయాలి. కిలో డోసును, గరిష్ఠాన్ని మన షీట్ నుంచి కాకుండా ఫార్ములరీ తెరిచి తీసుకోవాలి. మందు బలం ఆంపుల్ మీద చదవాలి, పలుచన చేసేదైతే ఆ లెక్క వాళ్లే మళ్లీ కట్టాలి. తర్వాత వెనక్కి లెక్క:

```
=D2*0.1/MIN(A2*0.01,1)-1
```

వచ్చిందే తేడా. 3.5 కిలోలకు 0.4 అని టైప్ చేస్తే 0.14 చూపిస్తుంది. నేనైతే 0.1 దాటిన, లేదా -0.1 కంటే కిందికి పోయిన ప్రతి వరుసనూ ఆపి, ఫార్మసిస్ట్‌తో, పిల్లల డాక్టర్‌తో మాట్లాడాకే వదులుతాను. కొన్ని మందులకు ఇంతకంటే గట్టి హద్దు కావాలని వాళ్లు అంటే అదే పెట్టాలి.

చివరిది, మి.లీ. అంకె ఒక్కటే ఉంచడం. మిడాజోలమ్ 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది, 5 మి.గ్రా. ఉండేదీ దొరుకుతుంది. సిరలోకి కిలోకు 0.1 మి.గ్రా. చొప్పున 10 కిలోల పాపకు మొదటిదైతే 1 మి.లీ., రెండోదైతే 0.2 మి.లీ. చార్ట్‌లో "1 మి.లీ." అని మాత్రమే ఉండి, ట్రేలో రెండోది ఉంటే ఐదు రెట్ల మందు పోతుంది, శ్వాస ఆగిపోవచ్చు. ఆ టెన్షన్‌లో నర్సు తప్పు పట్టుకోవాలంటే పట్టుకోవడానికి కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి. అందుకే మి.గ్రా., మందు బలం, పలుచన ఎలా చేయాలి, మి.లీ., ఈ నాలుగూ ఒకే వరుసలో ఉండాలి. అడ్రినలిన్ పక్కన "1 మి.గ్రా. ఆంపుల్ 1 మి.లీ. + నార్మల్ సెలైన్ 9 మి.లీ." అని పూర్తిగా రాయండి. అంకె ముందు సున్నా వదలొద్దు, 0.5 అనే రాయాలి. 5 తర్వాత మాత్రం సున్నా పెట్టొద్దు, చుక్క కనిపించకపోతే 5.0 కాస్తా 50 అవుతుంది.

చార్ట్ అడుగున మందు బలాల జాబితా, తేదీ, చెక్ చేసినవారి సంతకం ఉండాలి. స్టోర్‌లోకి వేరే బలం ఆంపుల్ వచ్చిన రోజున గోడ మీదున్న కాగితాలన్నీ తీసేసి, వెనక్కి లెక్క మళ్లీ మొదటి వరుస నుంచి చేయాలి.