“స్టే తెచ్చుకుంటే అయిపోతుంది కదా” అన్నవాళ్లందరికీ

మా స్థలంలోకి పక్కాయన నాలుగడుగులు జరిగి పునాది తీశాడని చెప్పగానే ప్రతి ఒక్కరూ నాకిచ్చిన సలహా ఒకటే. “రిజిస్టర్డ్ డాక్యుమెంట్ ఉందిగా, కోర్టుకెళ్లి స్టే తెచ్చుకో, అయిపోతుంది.” నేనూ అదే నమ్మాను. ఇప్పుడు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది.

మాది 200 గజాల ఖాళీ ప్లాటు, తూర్పు పడమరలు 40 అడుగులు, ఉత్తర దక్షిణాలు 45. తూర్పువైపు ఆయన ప్లాటు. మేం ఉండేది వేరే ఊళ్లో కాబట్టి అక్కడికి వెళ్లడం ఏడాదికోసారి. మా బాబాయి అటుగా వెళ్తూ చూసి ఫోన్ చేశాడు, “హద్దురాయి లేదురా, గుంటలు మనవైపు తీశారు” అని. అప్పటికి మట్టిపని మాత్రమే జరిగింది. కోర్టుకి వెళ్లాల్సింది ఆ వారంలోనే. మేమేం చేశామంటే పెద్దమనుషుల దగ్గర కూర్చున్నాం, స్టేషన్‌కి వెళ్లి ఇది సివిల్ మేటర్ అని చెప్పించుకుని వచ్చాం, మళ్లీ పెద్దమనుషుల దగ్గరే కూర్చున్నాం. 22 రోజులు పోయాయి. ఆ మాటలన్నీ నడుస్తుండగానే ఆయన ఫుటింగ్ వేసి పిల్లర్లు లేపేశాడు.

చివరికి దావా వేసి, దాంతోపాటు తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఐఏ, అంటే మధ్యంతర పిటిషన్, వేశాం. మనమంతా స్టే అంటాం గానీ కాగితం మీద అది సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 39, రూల్ 1, 2 కింద వేసే పిటిషన్. మొదటిరోజే, అవతలివాడిని పిలవకుండానే ఆర్డర్ వస్తుందనుకుని నేను ఆఫీసుకి ఒక్కరోజే సెలవు పెట్టాను. జడ్జిగారు ఫొటోలు తిరగేసి అడిగింది ఒక్కటే: “పని ఎప్పుడు మొదలైంది?” మా లాయర్ గారు నావైపు చూశారు. మా అఫిడవిట్‌లో “పునాది తవ్వడానికి ప్రయత్నిస్తున్నారు” అని ఉంది, ఫొటోల్లో పిల్లర్లు కనిపిస్తున్నాయి. పంచాయితీ జరిగిన సంగతి ఎక్కడా రాయలేదు. రాస్తే కేసు బలహీనపడుతుందేమోనని నేనే వద్దన్నాను, ఈ తప్పు నాదే. మామూలుగా అవతలివాళ్లకి నోటీసు ఇచ్చాకే వినాలి. ఆ నోటీసిచ్చే లోపే అడిగిన పనికి అర్థం లేకుండా పోతుందనిపిస్తేనే, ఆ కారణం రాసి, ఎక్స్‌పార్టీ ఆర్డర్ ఇస్తారు. మూడు వారాలు ఆగినవాడు ఇంకో వారం ఆగలేడా అని ఎవరికైనా అనిపిస్తుంది. అర్జెంట్ నోటీసు ఇచ్చి వారానికి వాయిదా వేశారు. ఆ వారంలో ఆయన పగలూ రాత్రీ పని చేయించి ప్లింత్ బీమ్ పోసేశాడు. బీపీ మాత్ర వేసుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు విషయం. ఈ దశలో కోర్టు భూమి ఎవరిదో తేల్చదు. అది ట్రయల్ అయ్యాక. ఇప్పుడు చూసేది మూడు: పైకి చూడగానే నీ వాదనలో పస ఉందా, ఆపితే ఆయనకయ్యే నష్టం ఎక్కువా ఆపకపోతే నీకయ్యే నష్టం ఎక్కువా, నీకయ్యే నష్టాన్ని తర్వాత డబ్బుతో పూడ్చగలమా లేదా. మూడూ ఉండాలి. మొదటిది ఒక్కటే ఉంటే చాలనుకుని డాక్యుమెంట్ జిరాక్స్ పట్టుకుని తిరిగేవాళ్లం మనం.

ఆ మొదటిది కూడా అంత తేలిక కాదు. దావా వేసిన రోజుకి స్వాధీనం ఎవరిది అన్నది కోర్టు గట్టిగా చూస్తుంది. ఇల్లో పంటో ఉంటే కరెంటు బిల్లు, అడంగల్, ఏదో ఒకటి చూపించొచ్చు. ఖాళీ ప్లాటుకి ఏం చూపిస్తాం? ఇక్కడ నన్ను ఆదుకున్నది 2008 నాటి అనాతుల సుధాకర్ కేసు తీర్పు. ఎవరూ వాడకుండా ఖాళీగా ఉన్న స్థలంలో హక్కు ఎవరిదో స్వాధీనం కూడా వాళ్లదే అనుకోవాలని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. కాబట్టి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఖాళీ స్థలం పన్ను రసీదులు అప్పుడు పనికొచ్చాయి. కానీ అదే తీర్పులో ఇంకో సంగతి ఉంది. అవతలివాడు నీ హక్కునే గట్టిగా కాదంటే ఉత్త ఇంజంక్షన్ దావా చాలదు, హక్కు ప్రకటించమని కూడా అడగాలి. పక్కాయన కౌంటర్‌లో సరిగ్గా అదే పాయింట్ పట్టుకున్నాడు: “ఆ నాలుగడుగులు నావే, నా డాక్యుమెంట్‌లోనూ 40 అడుగులే, మా తూర్పు రాయి నుంచి కొలుచుకోండి.” దాంతో దావాని సవరించుకోవాల్సి వచ్చింది, ఇంకో రెండు వాయిదాలు.

డాక్యుమెంట్లు రెండూ 40 అంటుంటే కాగితాలతో తేలేది ఏముంది? కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్ట్ ఇచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ని వేయమని ఇంకో పిటిషన్ వేశాం. స్వాధీనం ఎవరిదో తేల్చమని అడిగితే కొట్టేస్తారు, ఆ పని కమిషనర్‌ది కాదు. కొలిచి, నేలమీద ఏముందో రాయమని అడగాలి. ఆయన సర్వేయర్‌తో వచ్చి లేఅవుట్ ప్లాన్ ప్రకారం రోడ్డు మూల నుంచి కొలిచారు. మాకు మిగిలింది 36, ఆయన కింద 44. నాలుగడుగులంటే మీకు చిన్నగా అనిపించొచ్చు, 45 అడుగుల పొడవునా కలిపితే 20 గజాలు, మా ప్లాటులో పదో వంతు.

ఆ రిపోర్ట్ వచ్చాక మొదటిదాంట్లో గెలిచాం. రెండోదాంట్లో నా 22 రోజులు మళ్లీ ఎదురొచ్చాయి. వాళ్ల లాయర్ అన్నాడు, కళ్లముందు కడుతుంటే ఊరుకున్నారు, మావాడు బ్యాంకు లోన్ తెచ్చి కట్టుకున్నాడు, ఇప్పుడు ఆపితే వడ్డీ ఎవరు కడతారని. చెప్పొద్దూ, ఆ వాదన వింటుంటే నాకే సబబుగా అనిపించింది. మా లాయర్ గారు మూడోది గట్టిగా పట్టుకున్నారు. ఆ 20 గజాల మీద స్లాబ్ పడి గృహప్రవేశం అయిపోతే రేపు దావా గెలిచినా ఇల్లు కూల్చమనడానికి ఏ కోర్టుకైనా చేయి రాదు, డబ్బు తీసుకోమంటారు, అప్పుడు డిక్రీ చేతికొచ్చినా స్థలం రాదు అని.

ఆర్డర్ మధ్యేమార్గంగా వచ్చింది. కమిషనర్ ప్లాన్‌లో గుర్తుపెట్టిన నాలుగడుగుల పట్టీలో దావా తేలేదాకా ఏమీ కట్టకూడదు. మిగతా భాగంలో కట్టుకోవచ్చు గానీ, ఖర్చు పెట్టాను కాబట్టి వదిలేయండి అని తర్వాత అడగడానికి లేదు. ఇప్పటికే లేచిన మూడు పిల్లర్లు, వాటి బీమ్? అలాగే ఉంటాయి. ఇంజంక్షన్ ఇకముందు జరగబోయేదాన్ని ఆపుతుంది, జరిగిపోయినదాన్ని వెనక్కి తీయదు. తీయించాలంటే మాండేటరీ ఇంజంక్షన్ అడగాలి, అది ట్రయల్‌కి ముందు ఇవ్వడం చాలా అరుదు. గుంటల దశలోనే వెళ్లి ఉంటే ఆ పిల్లర్లు ఉండేవే కావు.

ఆర్డర్ వచ్చిన నెలకి ఒక ఆదివారం ఆ పట్టీలో మళ్లీ ఇటుకలు దించారని బాబాయి ఫోన్. ఈసారి పెద్దమనుషుల దగ్గరికి పోలేదు. తేదీతో ఫొటోలు తీయించి సోమవారమే ఆర్డర్ 39లోని రూల్ 2ఏ కింద పిటిషన్ వేశాం. ఆర్డర్ తెలిసీ ధిక్కరించినట్టు తేలితే ఆస్తి జప్తు చేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలుకీ పంపొచ్చు. నోటీసు అందిన మర్నాడే ఇటుకలు మాయం.

దావా ఇంకా ట్రయల్‌కి రాలేదు. ఆయన ఇల్లు పూర్తయింది, మావైపు గోడ మాత్రం నాలుగడుగులు లోపలికి కట్టుకున్నాడు. మా స్థలంలో ఆ మూడు పిల్లర్లు చువ్వలు తేలి అలాగే నిలబడి ఉన్నాయి. బాబాయి నెలనెలా వెళ్లి వాటిని ఫొటో తీసి పంపుతున్నాడు.