గ్యాస్ బండకి ఎల్‌ఓడీలు: సగం సగం లెక్క ఎక్కడ తప్పుతుంది

"ఎల్‌ఓడీలకి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. బ్లెండర్‌లో Decimate పెట్టి ఒక్కో లెవెల్‌కి ట్రయాంగిల్స్ సగం చేసుకుంటూ పోండి, ఏ ప్రాప్‌కైనా అదే బడ్జెట్. 5, 10, 20 మీటర్లని దూరాలు పెట్టేయండి. ఎంత తగ్గిస్తే గేమ్ అంత స్పీడు."

ఎల్‌ఓడీలంటే వస్తువు దూరమయ్యే కొద్దీ దాని చోట పెట్టే తేలిక మోడల్స్, వాటి గురించి వినిపించే సలహా ఇది. ముందు ఆ సగం సంగతి. నేను ఫోన్ గేమ్ కోసం చేసిన ఎర్ర గ్యాస్ బండ లెక్కే చెప్తాను. ఎత్తు 60 సెంటీమీటర్లు, వెడల్పు 32. పైన వాల్వ్ చుట్టూ చేతిపట్టు రింగు, కింద నేలకి ఆనే రింగు. దగ్గర్లో కనిపించే పూర్తి మోడల్, అంటే LOD0, మొత్తం 2,400 ట్రయాంగిల్స్. స్క్రీన్ ఎత్తు 1080 పిక్సెల్స్, కెమెరా నిలువు కోణం 60 డిగ్రీలు అనుకుంటే వస్తువు స్క్రీన్ మీద ఎంత ఎత్తు కనిపిస్తుందో ఇలా తేలుతుంది (h, d మీటర్లలో):

```
px = 935 * h / d
```

5 మీటర్ల దగ్గర బండ 112 పిక్సెల్స్, 10 దగ్గర 56, 20 దగ్గర 28. దూరం రెట్టింపైతే ఎత్తుతో పాటు వెడల్పూ సగమవుతుంది, కాబట్టి అది ఆక్రమించే చోటు నాలుగో వంతుకి పడిపోతుంది. మరి ట్రయాంగిల్స్ సగమే తగ్గితే ఎలా? పై సలహా ప్రకారం 20 మీటర్ల దగ్గర LOD3కి 300 మిగులుతాయి. అందులో సగం వెనక్కి తిరిగి ఉంటాయి. అక్కడ బండ మొత్తం దాదాపు 28 × 15, అంటే 420 పిక్సెల్స్. ఒక్కో ట్రయాంగిల్ వంతుకి మూడు పిక్సెల్స్ కూడా రావు. జీపీయూ షేడింగ్ చేసేది 2 × 2 పిక్సెల్ గుంపులుగా. ఇంత చిన్న ముక్కలైతే కనపడని పిక్సెల్స్‌కి కూడా పని చేస్తూ కూర్చుంటుంది. నేను పెట్టుకున్నవి 2,400, 600, 150, 40. ఇంకో లాభం: నా కింది మూడు లెవెల్స్ కలిపి 790. సగాల లెక్కలో అవే 2,100, అంటే దాదాపు ఇంకో బండ మెమరీలో ఉన్నట్టే.

ఇక Decimate, అంటే ట్రయాంగిల్స్‌ని తనంతట తానే తగ్గించే బ్లెండర్ టూల్. రాళ్ల గుట్టకో, విరిగిన ఇటుకలకో అది బంగారంలా పనిచేస్తుంది, కాదనను. గుండ్రటి వస్తువు దగ్గరే చిక్కు. చేతిపట్టు రింగు ఒక పక్కకి లాగినట్టు సొట్టపోతుంది, టెక్స్చర్‌ని మోడల్‌కి అతికే యూవీ కుట్లు జరిగి బండ మీది అక్షరాలు వంకరపోతాయి, లెవెల్ మారిన క్షణం బండ తుళ్లిపడినట్టు కనిపిస్తుంది. దానికన్నా పెద్ద విషయం, ఏది తీయాలో ఏది ఉంచాలో దానికి తెలీదు. బండ ఒంటి గుండ్రదనం మెల్లగా తగ్గాలి, చిన్న వివరాలు ఒక్కసారిగా పోవాలి. ఒంటికి నేను ఉంచిన పక్కలు 32, 16, 10, 6. 5 మీటర్ల దగ్గర బండ వ్యాసార్థం 30 పిక్సెల్స్. 16 పక్కలుంటే అసలు గుండ్రానికి, మన అంచుకి తేడా 0.6 పిక్సెల్ దాటదు. 8 పక్కలే ఉంటే 2.3 పిక్సెల్స్, కోణాలు కంటికి తెలిసిపోతాయి. అదే వాల్వ్ చూడండి. LOD0లో దానికొక్కదానికే 700 ట్రయాంగిల్స్ పోశాను. 5 సెంటీమీటర్ల ముక్క 10 మీటర్ల దగ్గర 5 పిక్సెల్స్ కూడా ఉండదు. LOD2లో అది అడుగు లేని డబ్బా, 10 ట్రయాంగిల్స్. రింగులోని చేతి కంతలు కూడా అక్కడినుంచి టెక్స్చర్‌లో నల్ల మచ్చలే. ఇది చేత్తో చేస్తే అరగంట పని: ఎడ్జ్ లూప్‌లు ఒకటి విడిచి ఒకటి తీసేయడమే ఎక్కువ.

దూరాలు మీటర్లలో పెట్టడం కెమెరా కదలనంతసేపే బాగుంటుంది. తుపాకీ స్కోప్‌లో కోణం 60 నుంచి 20కి తగ్గితే వస్తువు మూడు రెట్లు పైగా పెద్దదవుతుంది, 10 మీటర్ల దగ్గరి డబ్బా వాల్వ్ కళ్లముందుకొచ్చి నిలబడుతుంది. అందుకే యూనిటీలో LOD Group స్క్రీన్ ఎత్తులో శాతం అడుగుతుంది. నా బండకి 10%, 5%, 2.6%. 1% కిందకి వెళ్తే, అంటే సుమారు 52 మీటర్లు దాటాక, గీయడమే మానేస్తుంది. ఇక్కడో గొయ్యి ఉంది, నేను పడ్డాను. క్వాలిటీ సెట్టింగ్స్‌లో మారే దూరాలన్నిటినీ గుణించే LOD Bias 2గా ఉన్నది చూసుకోలేదు. 5 మీటర్ల దగ్గర మారాల్సింది 10 దగ్గర మారుతోంది, నేనేమో మెష్‌ని తిట్టుకుంటూ రెండు రోజులు గడిపాను.

ఆ సలహాలో చివరి మాట, ఎంత తగ్గిస్తే అంత స్పీడు అన్నది, సగం నిజం. 40ని 20 చేస్తే ఫ్రేమ్ టైమ్‌లో ఏమీ కదలదు, ఎందుకంటే అప్పటికి ఖర్చు డ్రా కాల్‌ది, అంటే ఇది గీయమని సీపీయూ జీపీయూకి పంపే ఒక్కో ఆదేశానిది. ఒళ్లు, వాల్వ్, రింగు మూడింటికీ వేర్వేరు మెటీరియల్ ఉంటే ఒక్క బండకే మూడు డ్రా కాల్స్. LOD2 నుంచి మూడింటినీ ఒకే మెటీరియల్‌లో కలిపేశాను. గోదాము సీన్‌లో 200 బండలున్నచోట ట్రయాంగిల్స్ కంటే ఇదే ఎక్కువ ఆదుకుంది.